మెడ మీద చెయ్యేస్తే అబద్ధమేనా?

రెండేళ్ల కిందట మా టీమ్‌లో ఒక బ్యాకెండ్ డెవలపర్ పోస్టు ఖాళీ అయింది. నాకప్పటికి ఐదేళ్ల అనుభవం. "ఇకనుంచి నువ్వూ ఇంటర్వ్యూలు తీసుకో" అని మేనేజర్ చెప్పగానే లోపల కాస్త గర్వంగానే అనిపించింది. మొన్నటిదాకా అవతల కూర్చుని చెమటలు కక్కినవాణ్ణి, ఇప్పుడు ఇవతలి కుర్చీలోకి వచ్చా కదా!

వీడియో కాల్‌లో వచ్చిన మూడో అభ్యర్థి నాకంటే ఏడాది చిన్నవాడు. జావా ప్రశ్నలకు బాగానే చెప్పాడు. డేటాబేస్ ఇండెక్స్‌ల గురించి అడిగితే నాకే తెలియని విషయం ఒకటి చెప్పాడు. తర్వాత రెజ్యూమే చూస్తూ, "ఇక్కడ పదకొండు నెలలు ఖాళీ కనిపిస్తోంది. అప్పుడేం చేశారు?" అని అడిగా.

అతని కుడిచెయ్యి మెడ మీదకు వెళ్లింది. గొంతు కింద, రెండు ఎముకల మధ్య ఉండే చిన్న గుంట దగ్గర వేళ్లు ఆనించి, "పర్సనల్ రీజన్స్ సర్" అన్నాడు. "ఏదైనా కోర్సు చేశారా? ఫ్రీలాన్సింగా?" అని మళ్లీ అడిగా. ఈసారి చెయ్యి మెడ వెనక్కి పోయింది. "లేదు సర్, ఇంట్లోనే ఉన్నా." ఆ రెండు నిమిషాల్లో నాలుగుసార్లు మెడ తాకాడు. నేను లెక్కపెట్టా.

ఎవరైనా అలా లెక్కపెడతారా అంటే, ఆ నెలంతా నేను బాడీ లాంగ్వేజ్ రీల్స్ మీద రీల్స్ చూస్తున్నా. ఎదుటివాళ్లు మెడ తాకితే ఏదో దాస్తున్నట్టే, ముక్కు రుద్దుకుంటే అబద్ధమే, జుట్టు సర్దుకుంటే కంగారే అని ముప్పై సెకన్లలో తేల్చేసే రీల్స్. వాటి మత్తులోనే ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో టెక్నికల్ మార్కులు బాగా వేసి, కింద ఒక్క వాక్యం రాశా. "గ్యాప్ గురించి అడిగితే ఇబ్బంది పడ్డాడు, ఏదో దాస్తున్నట్టుంది, అనుభవం నిజమో కాదో అనుమానం." ఫేక్ ఎక్స్‌పీరియన్స్ గొడవ మన దగ్గర ఎంత ఉందో తెలిసిందేగా. ఆ ఒక్క వాక్యంతో అతని ఫైలు మూతపడింది.

ఆ వాక్యం ఎంత తప్పో తెలియడానికి నాకు ఏడాది పట్టింది. ఆ సంగతి తర్వాత చెప్తా. ముందు ఆ చెయ్యి మెడ మీదకు అసలు ఎందుకు వెళ్లిందో చూద్దాం.

కోతులు కూడా గోక్కుంటాయి

ఇబ్బందిగా ఉన్నప్పుడు మనల్ని మనమే తాకడం రీల్స్ వాళ్లు కనిపెట్టింది కాదు. 1969లో పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు మనిషి చేతి కదలికలను రకాలుగా విడగొట్టారు. మాటకు తోడుగా చేతులు ఊపడం ఒక రకం. బొటనవేలు ఎత్తి చూపినట్టు, మాటకు బదులుగా వాడే సైగలు ఇంకో రకం. ఎవరికీ ఏమీ చెప్పడానికి కాకుండా, మన అవసరం కోసమే మనం చేసుకునే గోకడం, రుద్దడం, సర్దుకోవడం మరో రకం. వీటికి 'అడాప్టర్లు' అని పేరు పెట్టారు. పేరు సంగతి అటుంచండి. నాకు ముఖ్యమనిపించింది ఒక్కటే, ఈ మూడో రకం ఎదుటివాళ్లకు సందేశం పంపడానికి పుట్టింది కాదు. నేను చదివింది నాకు రాయని ఉత్తరం అన్నమాట.

దీని మూలం మనిషి కంటే పాతది. రెండు పక్షులు కొట్లాడుకుంటూ, ముందుకు దూకాలా పారిపోవాలా అని తేల్చుకోలేని క్షణంలో ఏ సంబంధమూ లేకుండా ఈకలు సవరించుకోవడం మొదలుపెడతాయి. నికో టిన్‌బెర్గెన్ లాంటి జంతు శాస్త్రవేత్తలు 1940లలోనే దీని గురించి రాశారు. రెండు కోరికలు ఒకదాన్నొకటి అడ్డుకున్నప్పుడు, మధ్యలోంచి మూడో పని ఒకటి బయటికొస్తుంది.

కోతుల్లో దీన్ని మందులు ఇచ్చి మరీ పరీక్షించారు. 1990లలో ఇటలీ పరిశోధకులు మకాక్ కోతులకు ఆందోళన తగ్గించే లొరాజెపామ్ అనే మందు ఇస్తే, అవి తమను తాము గోక్కోవడం తగ్గింది. ఆందోళన పెంచే ఇంకో పదార్థం ఇస్తే గోక్కోవడం పెరిగింది. గోకుడుకూ ఆందోళనకూ లంకె ఉందనడానికి నాకు తెలిసినవాటిలో ఇంతకంటే శుభ్రమైన ఆధారం లేదు. పాపం కోతికి రెజ్యూమే లేదు, దాచడానికి గ్యాప్ కూడా లేదు. దానికున్నది టెన్షన్ ఒక్కటే.

అంటే రీల్స్‌లో మొదటి సగం నిజమే. టెన్షన్ పెరిగితే చెయ్యి ఒంటి మీదకు వెళ్లే అవకాశం పెరుగుతుంది. గొడవంతా రెండో సగంతోనే.

తాకితే ఏమొస్తుంది?

మన చర్మంలో, ముఖ్యంగా వెంట్రుకలుండే చోట, ఒక రకం సన్నని నరాలుంటాయి. నెమ్మదిగా, మృదువుగా నిమిరితే ఇవి బాగా స్పందిస్తాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగం వీటికి ఇష్టం. అమ్మ తల నిమిరే వేగం దాదాపు అదే. పసిపిల్లాణ్ణి ఊరుకోబెట్టేటప్పుడు ఆ వేగం మనకెవరూ నేర్పరు, చెయ్యి దానంతటదే ఆ వేగంలోకి వస్తుంది. టెన్షన్‌లో ఆ నిమిరే పని మన చెయ్యే మనకు చేసిపెడుతుందని ఒక వివరణ.

ఇది నిజంగా పనిచేస్తుందా? 2021లో జర్మనీ పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 159 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు ఇరవై సెకన్లు తమ ఛాతీ మీద, పొట్ట మీద చేతులు పెట్టుకున్నారు. రెండో గుంపును ఇరవై సెకన్లు కౌగిలించుకున్నారు. మూడో గుంపు కాగితంతో విమానం చేసుకున్నారు. తర్వాత అందరినీ ఒకే టెన్షన్‌లో పెట్టారు, ముక్కుసూటిగా చూసే జడ్జీల ముందు మాట్లాడమన్నారు, నోటితో తీసివేత లెక్కలు చేయించారు. అచ్చం మన ఇంటర్వ్యూలానే.

విమానాలు చేసినవాళ్లతో పోలిస్తే, తమను తాము తాకినవాళ్లలో, కౌగిలింత అందుకున్నవాళ్లలో కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ తక్కువగా ఉంది. కానీ "ఎంత టెన్షన్‌గా ఉంది?" అని అడిగితే మూడు గుంపులూ దాదాపు ఒకేలా చెప్పాయి. గుండె వేగంలోనూ తేడా లేదు. ఒంట్లో హార్మోన్ తగ్గింది, మనసుకు మాత్రం అది తెలియలేదు. పైగా అక్కడ కావాలని, చెప్పి చేయించిన స్పర్శ. మనం తెలియకుండా మెడ గోక్కోవడం అంతే మేలు చేస్తుందని ఆ ప్రయోగం చెప్పదు. దిశ మాత్రం చూపిస్తుంది.

ఇంకో వివరణ కూడా ఉంది, ఇంజినీర్‌గా నాకు ఇది ఎక్కువ నచ్చింది. 2014లో మార్టిన్ గ్రున్వాల్డ్ బృందం జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక చిన్న ప్రయోగం చేసింది. కొంతమందికి చేత్తో తడిమి చూసే ఆకారాలు ఇచ్చి, అవి ఎలా ఉన్నాయో గుర్తుపెట్టుకోమన్నారు. ఆ గుర్తుపెట్టుకునే నిమిషాల్లో చెవిలో చిరాకు శబ్దాలు వినిపించారు. తల మీద మెదడు తరంగాలు కొలిచే ఈఈజీ తీగలు. వాళ్లు తెలియకుండా ముఖం తాకినప్పుడల్లా, తాకక ముందుకీ తాకిన తర్వాతకీ తరంగాల్లో తేడా కనిపించింది. శబ్దాల దెబ్బకు జారిపోతున్న జ్ఞాపకాన్ని, చెదిరిన మనసును మళ్లీ దారిలో పెట్టుకోవడానికి ఆ తాకిడి సాయపడుతుండొచ్చని వాళ్ల ఊహ. పాల్గొన్నవాళ్లు తక్కువ, కాబట్టి ఊహ అనే అనుకుందాం. కానీ పరీక్ష హాల్లో లెక్క తట్టక నుదురు రుద్దుకున్న ప్రతివాళ్లకూ ఇది అర్థమవుతుంది. అక్కడ దాచేదేమీ లేదు. తల లోపల ర్యామ్ నిండిపోయింది, అంతే.

నా మీద నేనే నిఘా

ఇదంతా చదివాక, నా చేతులు ఏం చేస్తున్నాయో చూద్దామనిపించింది. ఒక గంట టీమ్ మీటింగ్‌లో నా ఫోన్‌ను ల్యాప్‌టాప్ పక్కన నిలబెట్టి, నా ముఖాన్ని మాత్రమే రికార్డు చేసుకున్నా. రాత్రి భోజనం చేశాక కూర్చుని లెక్కపెట్టా.

ముప్పై ఒక్కసార్లు! గడ్డం పద్నాలుగు, కళ్లద్దాలు ఆరు, మెడ ఐదు, ముక్కు నాలుగు, జుట్టు రెండు. నాకైతే ఒక పదిసార్లు తాకి ఉంటాననిపించింది. వెనక నుంచి వీడియో చూసిన అమ్మ, "చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నా కదరా, ఆ గడ్డం పీక్కోవడం మానమని" అంది. చిన్నప్పుడు గడ్డం ఎక్కడిదమ్మా అంటే, "గడ్డం లేకపోతే బొత్తాం పీకేవాడివి" అంది. అదీ నిజమే.

నేనేమీ వింత మనిషిని కాదని తర్వాత తెలిసింది. ఆస్ట్రేలియాలో 26 మంది మెడికల్ విద్యార్థులను క్లాసులో ఉండగా వీడియో తీసి లెక్కపెట్టిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. సగటున ఒక్కొక్కరూ గంటకు 23 సార్లు ముఖం తాకారు. వాళ్లు అబద్ధాలు చెప్పట్లేదు, పాఠం వింటున్నారు. ఇన్ఫెక్షన్లు చేతుల నుంచి ముఖానికి ఎలా పాకుతాయో తెలుసుకోవడానికి చేసిన లెక్క అది. కరోనా రోజుల్లో ముఖం తాకొద్దని అందరూ మనకు చెప్తే ఎంత కష్టమనిపించిందో గుర్తుందా? కారణం ఇదే.

ఇప్పుడు నా ఐదు మెడ తాకుళ్లకు వద్దాం. రీల్స్ ప్రకారం అసలు విలువ వాటిదే కదా. ఒక్కోటీ వెనక్కి తిప్పి చూశా. రెండు, "ఇది ఎప్పటికి అవుతుంది?" అని మేనేజర్ అడిగిన వెంటనే వచ్చాయి. అవి నిజంగా ఇబ్బందివే, ఆ పని అప్పటికి సగం కూడా కాలేదు. ఒకటి హెడ్‌ఫోన్ వైరు కాలర్‌లో ఇరుక్కున్నప్పుడు. ఒకటి వేరేవాళ్లు మాట్లాడుతుంటే, ఏ కారణమూ లేకుండా. చివరిది దోమ. ఐదింటిలో రెండే పనికొచ్చేవి. ఆ రెండింటిలో కూడా నేను అబద్ధం చెప్పలేదు. "ఇంకో మూడు రోజులు పడుతుంది" అని నిజమే చెప్పా. నిజం చెప్పడమే ఇబ్బంది అయింది.

లెక్క వేసి చూద్దాం

ఇంటర్వ్యూలకు ఈ లెక్క ఎలా వర్తిస్తుందో కాగితం మీద వేశా. ఇందులోని అంకెలు నా ఊహలే, కానీ కావాలనే రీల్స్ వైపు మొగ్గి వేశా.

వంద మంది ఇంటర్వ్యూకు వచ్చారనుకుందాం. వాళ్లలో పది మంది అనుభవం గురించి అబద్ధం చెప్తున్నారు, తొంభై మంది నిజం. ఇబ్బంది ప్రశ్న అడిగాం. అబద్ధం చెప్పేవాళ్లలో నూటికి అరవై మంది మెడో ముఖమో తాకుతారనుకుందాం. నిజం చెప్పేవాళ్లలోనూ ఉద్యోగం టెన్షన్ ఉంటుంది కదా, నూటికి నలభై అనుకుందాం. అంటే తాకుడుకూ అబద్ధానికీ మంచి సంబంధమే ఉందని ఒప్పేసుకున్నాం.

అబద్ధం చెప్పే పది మందిలో తాకినవాళ్లు ఆరుగురు. నిజం చెప్పే తొంభై మందిలో తాకినవాళ్లు ముప్పై ఆరుగురు. మొత్తం తాకినవాళ్లు నలభై ఇద్దరు. అందులో అబద్ధాలకోర్లు ఆరుగురు, అంటే ఏడుగురిలో ఒకరు. తాకుడు చూడకముందు నా అనుమానం నూటికి పది ఉండాలి. చూశాక నూటికి పద్నాలుగు కావాలి. నేనేం చేశాను? పది నుంచి నేరుగా తొంభైకి దూకా. తాకినవాళ్లందర్నీ పక్కన పెడితే ముప్పై ఆరుగురు మంచివాళ్లు పోతారు. పైగా అసలు అబద్ధాలకోర్లు నలుగురు చేతులు కట్టుకుని కూర్చుని లోపలికి వచ్చేస్తారు. ఇలాంటి టెస్టును మా ఆఫీసులో కోడ్‌కు పెడితే ఒక్క రోజు ఉంచనివ్వరు.

ఇంతకీ అసలు అంకెలు నా ఊహ కంటే పేలవంగా ఉన్నాయి. 2003లో బెల్లా డిపాలో బృందం అబద్ధాల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పోగేసి, 158 రకాల సంకేతాలను ఒక్కోటిగా పరిశీలించింది. చాలావాటికి అబద్ధంతో సంబంధం లేదు, లేదా లేనట్టే ఉంది. తమను తాము తాకుకోవడం విషయానికొస్తే అబద్ధం చెప్పేవాళ్లకూ నిజం చెప్పేవాళ్లకూ తేడా దాదాపు సున్నా. అబద్ధం చెప్పేవాడు తన మీద తనకు కన్నుంటుంది కాబట్టి, చాలాసార్లు చేతులు కదపకుండా బిగబట్టుకుని కూర్చుంటాడు కూడా. మూడేళ్ల తర్వాత ఆమే చార్లెస్ బాండ్‌తో కలిసి ఇంకో లెక్క తీసింది. మామూలు మనుషులు ఎదుటివాళ్లను చూసి నిజమా అబద్ధమా అని చెప్తే సగటున నూటికి 54 సార్లే సరిగ్గా చెప్తున్నారు. నాణెం ఎగరేస్తే 50 వస్తుంది.

దీన్ని నమ్మి డబ్బు తగలేసినవాళ్లూ ఉన్నారు. అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికుల హావభావాలు చూసి అనుమానితులను పట్టుకునే కార్యక్రమం ఒకటి 2007 నుంచి నడిచింది. దాని మీద సుమారు 90 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 2013లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ, ఇది పనిచేస్తుందనడానికి ఆధారం లేదు, నిధులు తగ్గించండి అని నివేదిక ఇచ్చింది.

నిజం చెప్పాలంటే, మెడ గుంట దగ్గర తాకడాన్ని జనంలోకి తెచ్చిన మాజీ ఎఫ్‌బీఐ అధికారి జో నవారో కూడా దీన్ని అబద్ధానికి గుర్తు అనడు. మనిషి తనను తాను ఊరడించుకునే పని అంటాడు. ఏ ఒక్క కదలికా అబద్ధాన్ని పట్టివ్వదని కూడా చెప్తాడు. ఆ రెండో మాట ముప్పై సెకన్ల రీల్‌లో పట్టలేదు, అంతే.

ఆ పదకొండు నెలలు

ఏడాది తర్వాత మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయితో క్యాంటీన్‌లో మాట్లాడుతుంటే, తను పాత కంపెనీలో ఎవరెవరితో పనిచేసిందో చెప్తూ ఆ పేరు చెప్పింది. నేను ఉలిక్కిపడ్డా. "అతను ఫేక్ కాదా?" అన్నా తెలివితక్కువగా. ఆమె నన్ను వింతగా చూసింది. "ఫేకా? మా టీమ్‌లో అందరికంటే బాగా కోడ్ రాసేది అతనే. వాళ్ల నాన్నగారికి కిడ్నీలు పాడైతే ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోయాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తనే తీసుకెళ్లేవాడు. ఆయన పోయాక మళ్లీ వచ్చాడు" అంది.

ఇంటర్వ్యూ అప్పటికి ఆయన పోయి ఎన్నాళ్లయిందని అడిగే ధైర్యం చాల్లేదు. తనే చెప్పింది, రెండు నెలలు కూడా కాలేదట.

ఎక్‌మన్ ఈ పొరపాటుకు ఒక పేరు పెట్టాడు, ఒథెల్లో పొరపాటు అని. షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లో భార్యను అనుమానించి నిలదీస్తాడు. ఆమె భయంతో, దుఃఖంతో కంగారుపడితే, ఆ కంగారే తప్పు చేసిందనడానికి సాక్ష్యం అనుకుంటాడు. కంగారు నిజమే, కారణమే తప్పు. నేను చేసింది అచ్చంగా అదే. అతను ఇబ్బంది పడుతున్నాడని నేను సరిగ్గానే కనిపెట్టా. ఎందుకు ఇబ్బంది పడుతున్నాడో అడక్కుండా, దానికి కారణం నేనే రాసేశా. తండ్రి పోయిన రెండు నెలలకు, ముక్కూ మొహం తెలియనివాడు కెమెరాలోంచి "ఆ పదకొండు నెలలు ఏం చేశావ్?" అంటే నా చెయ్యి ఎక్కడికి వెళ్లేదో!

మేనేజర్ దగ్గరికెళ్లి జరిగింది చెప్పా. ఆ పోస్టు ఎప్పుడో నిండిపోయింది. "ఇప్పుడేం చేయగలం" అన్నాడాయన. అతనికి మెసేజ్ పెడదామని ఒకటి టైప్ చేశా. మొదటి లైను "మీకు గుర్తుందో లేదో" దగ్గరే ఆగిపోయా. పంపలేదు. నా మనసు తేలికపడటానికి అతని పుండు మళ్లీ కెలకడం న్యాయం కాదనిపించింది. పిరికితనమూ కొంత ఉందిలెండి.

అయితే దీన్ని అసలు చూడొద్దా?

చూడటం మానేయలేం, కళ్లున్నాయి కదా. నేను ఇప్పుడు చేసేది ఇది. మొదటి ఐదు నిమిషాలు సులువైన మాటలు మాట్లాడతా, ఏ ఊరు, ఏ ప్రాజెక్టు, ఇలా. ఆ టైమ్‌లోనే చెయ్యి గడ్డం మీదో జుట్టులోనో ఉంటే అది వాళ్ల అలవాటు. నాలాంటివాళ్లు. దాన్ని లెక్కలోంచి తీసేస్తా. అప్పటిదాకా లేనిది, ఒక ఫలానా ప్రశ్న పడగానే ఒకటి రెండు సెకన్లలో వస్తే మాత్రం గమనిస్తా. ఒకసారి వస్తే వదిలేస్తా. వేరే మాటల్లోకి వెళ్లి, కాసేపటికి అదే విషయాన్ని ఇంకోలా కదిపినప్పుడు మళ్లీ వస్తే, సరే, ఈ విషయం ఇతనికి బరువుగా ఉంది అనుకుంటా.

అక్కడితో ఆపేస్తా. బరువుగా ఉంది అన్నది మాత్రమే నాకు తెలిసింది. ఎందుకన్నది చెయ్యి చెప్పదు, మనిషి చెప్పాలి. గ్యాప్ గురించైతే, "వ్యక్తిగత విషయమైతే చెప్పక్కర్లేదు" అని ముందే అనేస్తా. అనుభవం మీద అనుమానమొస్తే మెడ వైపు కాదు, పని వైపు చూస్తా. "ఆ ప్రాజెక్టులో ప్రొడక్షన్‌లో బాగా ఇబ్బంది పెట్టిన బగ్ ఒకటి చెప్పండి, ఎలా కనిపెట్టారు, ఏ లాగ్‌లో దొరికింది?" అని అడుగుతా. నిజంగా చేసినవాడు వివరాల్లోకి వెళ్లే కొద్దీ ఉత్సాహంగా చెప్తాడు. చేయనివాడి దగ్గర మూడో ప్రశ్నకే సరుకు అయిపోతుంది. ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో ఇప్పుడు అతను ఏమన్నాడో రాస్తా, ఎలా కూర్చున్నాడో రాయను.

ఇంత జ్ఞానం వచ్చాక కూడా మొన్న మళ్లీ బోల్తా పడ్డా. మా చెల్లికి పెళ్లిచూపులు. అబ్బాయివాళ్ల అమ్మగారు "పెళ్లయ్యాక ఉద్యోగం చేస్తావామ్మా?" అని అడగ్గానే చెల్లి చెయ్యి మెడ మీదకు వెళ్లింది. ఆవిడ అడుగుతున్న కొద్దీ మళ్లీ మళ్లీ వెళ్లింది. ఈసారి తొందరపడి తీర్పు చెప్పలేదు. రాత్రి డాబా మీదకు తీసుకెళ్లి మెల్లగా అడిగా. "ఉద్యోగం మానేయమంటారని భయపడ్డావా? ఆవిడ అడిగినప్పుడు మెడ తాకావు, నేను చూశా."

చెల్లి పడీపడీ నవ్వింది. "అన్నయ్యా, అది అమ్మ పాత నెక్లెస్. కొక్కెం వెనక గుచ్చుకుంటోంది, ఇదిగో చూడు" అని ఎర్రగా కందిన చోటు చూపించింది. ఉద్యోగం గురించి ఆవిడకు మొహమాటం లేకుండా చెప్పేసిందట, మానను అని.

నేను సిగ్గుపడి లేవబోతుంటే, కాసేపాగి తనే అంది. "కానీ ఒకటి నచ్చలేదన్నయ్యా. ఆ అబ్బాయి వాళ్ల నాన్న మాట్లాడుతుంటే మధ్యలో రెండుసార్లు నోరు మూయించాడు. అదొక్కటే మనసులో తిరుగుతోంది."

ఆ రెండుసార్లూ నేను చెల్లినే చూస్తున్నా. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కదలకుండా కూర్చుంది.